దాదీమా ముఖం ఎందుకు నల్లబడింది?

మా ఇంట ఒక ఛాయాచిత్రం ఉన్నది. కొన్నేళ్ళ క్రితం ఈద్ నాటి ఉదయం, నమాజు ముగించుకొని ఇల్లు చేరిన తరువాత, మా దాదీమాను నడవలో నవ్వారు మంచంపై కూర్చుండబెట్టి ఫోనుతో తీసినది. ఆమె వెనుక పెరటి తలుపు బార్లా తెరచి ఉన్నది. పెరటిలో కాస్తున్న ఎండ, జామచెట్టు, దండెంపై ఆరవేసిన బట్టలు చిత్రంలో ఎంతో స్పష్టంగా కనబడతాయి. దాదీమా ముఖం మాత్రం కనబడదు. తెల్లని దుపట్టా అంచు ఒకటి, దాని నడుమ నల్లని నీడ ఒకటి, అంతే. మరుసటి ఈద్ నాటికి ఆమె మా మధ్య లేరు. ఆమెకు చిత్రాలు తీయించుకొనే అలవాటు లేదు. కనుక మాకు మిగిలినది ఆ ఒక్కటే.

ఆ చిత్రాన్ని కంప్యూటరులో వెలిగింపజేయాలని ప్రయత్నించాము. నీడ కొంత తేలికపడింది గాని ముఖం రాలేదు. దాని స్థానంలో ఇసుక చల్లినట్లు రంగురంగుల రేణువులు వచ్చాయి. కెమెరాకు చేరని వెలుగును తరువాత పుట్టించటం సాధ్యం కాదు. అలాగే, మితిమీరిన వెలుగుతో పూర్తిగా తెల్లబారిన చోట కూడా తిరిగి తేవటానికి ఏమీ మిగలదు.

ఆ తప్పు ఫోనుది కాదు, మాది. ఫోను తన ముందున్న దృశ్యమంతటినీ కలిపి చూసి, మొత్తం మీద మధ్యస్థమైన వెలుగు వచ్చేటట్లు సర్దుకుంటుంది. పెరటి ఎండ చిత్రంలో అధికభాగం ఆక్రమించినందున అది ఎండకు తగినట్లు సర్దుకున్నది. నీడలో ఉన్న ముఖం చీకటిలో కలిసిపోయింది. మంచాన్ని అటునుండి ఇటు తిప్పి ఉంటే సరిపోయేది. చిత్ర రచన అనేది మీట నొక్కటానికి ముందు జరగవలసిన పని. ఎక్కడ నిలవాలి, ఎంత ఎత్తున కెమెరా పట్టాలి, ఏది వదిలివేయాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబే ఆ పని.

ఈ నెల ఈ పుటలో ఆ పనిని నాలుగు వారాల పాఠంగా అమర్చుతున్నాము. వారానికొక అభ్యాసం. ఖరీదైన కెమెరా అక్కరలేదు. ఇంట ఉన్న ఫోను చాలు. మొదట దాని కటకాన్ని మెత్తని నూలుగుడ్డతో తుడవండి. కెమెరా సెట్టింగులలో ‘గ్రిడ్’ అన్న దానిని ఎంచుకోండి. తెరపై రెండు అడ్డగీతలు, రెండు నిలువుగీతలు వస్తాయి. తెర తొమ్మిది సమాన భాగాలవుతుంది. ఈ నాలుగు వారాలూ వేళ్ళతో తెరను సాగదీసి దృశ్యాన్ని దగ్గరకు లాక్కోవద్దు. దగ్గర కావాలంటే నడవండి.

మొదటి వారం: వెలుగు వచ్చే దిక్కు

వెయ్యేళ్ళ క్రితం బస్రాలో జన్మించి, కైరో నగరంలో జీవించిన ఇబ్నుల్ హైసమ్ తన ‘కితాబుల్ మనాజిర్’ గ్రంథంలో ఒక ప్రయోగాన్ని వివరించారు. చీకటిగా ఉన్న చోటికి ఒక చిన్న రంధ్రం. దాని వెలుపల వేరువేరు స్థానాలలో కొన్ని దీపాలు. లోపలి గోడపై ఎన్ని దీపాలో అన్ని వెలుగు మచ్చలు పడతాయి. ఒక దీపాన్ని కప్పితే దానికి ఎదురుగా ఉన్న మచ్చ మాత్రమే మాయమవుతుంది. వెలుగు తిన్నగా ప్రయాణిస్తుందని, ఒక దీపపు వెలుగు మరొక దానితో కలిసి చెదరదని ఆయన ఆ విధంగా చూపారు. మనకు ఇందులో పనికివచ్చే సంగతి ఒకటే: వెలుగు తిన్నగా వస్తుంది కాబట్టి నీడ ఎటు పడితే దానికి సరిగ్గా ఎదుటి దిక్కున వెలుగు ఉన్నది. చిత్రం తీసే ముందు వ్యక్తి ముఖాన్ని కాక ఆయన ముక్కు నీడను చూడండి.

ముక్కు నీడ ఒక బుగ్గపైకి కొంచెంగా వాలితే వెలుగు పక్కనుండి వస్తున్నదని అర్థం. ముఖానికి గుండ్రదనం వస్తుంది. నీడ పై పెదవి మీదికి నిలువుగా దిగి, కనుగుంటలు నల్లబడితే సూర్యుడు నెత్తిపై ఉన్నాడు. నీడ అసలే కనబడక ముఖం చదునుగా ఉంటే వెలుగు మీ వీపు వెనుకనుండి సూటిగా పడుతున్నది. ఎదుటివారు కళ్ళు చికిలించేదీ అప్పుడే.

ఏ వేళ అనువైనదో తెలుసుకొనుటకు గడియారం కంటె మీ నీడ మంచి కొలబద్ద. జనవరి నడిమి రోజులలో మన రేపల్లె, బాపట్ల ప్రాంతాన ఉదయం ఏడుంముప్పావుకు మనిషి నీడ అతని ఎత్తుకు దాదాపు నాలుగు రెట్లు ఉంటుంది. ఎనిమిదింముప్పావుకు రెండు రెట్లు. పదిన్నరకు సమానమవుతుంది. మధ్యాహ్నం మూడుంముప్పావుకు మళ్ళీ రెండు రెట్లు. నీడ మీకంటె పొడవుగా ఉన్నంతసేపు ఆరుబయట ముఖాలు తీయవచ్చు. పొట్టిదైతే చెట్టునీడకో వసారాకో వెళ్ళండి. వేసవిలో ఈ గడువు చాలా త్వరగా ముగుస్తుంది. మే తొలివారంలోను, ఆగస్టు తొలి పది రోజులలోను మనకు మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు నిలువుకర్రకు నీడే ఉండదు.

ఈ వారపు అభ్యాసం: ఇంటి వాకిలిలో ఒక పెద్దవారిని కూర్చుండబెట్టి, వారిని అక్కడే ఉంచి మూడు చిత్రాలు తీయండి. మొదటిది వాకిలి వారి వెనుక ఉండగా. రెండవది వారు వాకిలికి ఎదురుగా తిరిగి ఉండగా. మూడవది వాకిలి వారి పక్కన, మూడడుగుల దూరంలో ఉండగా. మూడవ దానిలో వెలుగుకు దూరంగా ఉన్న బుగ్గ మరీ నల్లబడితే, ఆ పక్కన తెల్లని దుప్పటిని ఎవరినైనా పట్టుకోమనండి. దుప్పటి నుండి మరలిన వెలుగుతో ఆ బుగ్గ ఎంత తేటపడుతుందో తెరపైనే చూడవచ్చు. మొదటి చిత్రాన్ని ఇంకొకసారి తీస్తూ తెరపై ముఖం ఉన్నచోట వేలితో తాకండి. ముఖం వెలుగుతుంది, వెనుక పెరడు తెల్లబారిపోతుంది. రెండూ కావాలంటే కుదరదు. ఏది ముఖ్యమో మీరు నిర్ణయించాలి. ఆ రోజు మేము నిర్ణయించలేదు కనుక ఫోను నిర్ణయించింది.

రెండవ వారం: చట్రం అంచులు

కన్ను తనకు కావలసినదానినే చూస్తుంది. కెమెరా ఉన్నదంతా చూస్తుంది. మనం అమ్మీ నవ్వును చూస్తున్నప్పుడు ఆమె వెనుక గ్యాస్ సిలిండరు మనకు కనబడదు. చిత్రంలో మాత్రం అది ఆమె భుజంపై కూర్చుంటుంది. అందుచేత మీట నొక్కేముందు ముఖాన్ని వదలి, తెర నాలుగు అంచుల వెంట చూపును ఒక చుట్టు తిప్పండి. సగం తెగిన చెయ్యి, ఎవరిదో మోచేయి, బకెట్టు, ప్లాస్టిక్ సంచి వంటివి అక్కడే దొరుకుతాయి. తరువాత తల చుట్టూ చూడండి. స్తంభమో కిటికీ కమ్మీయో తలలో నుండి మొలిచినట్లు కనబడితే ఒక అడుగు పక్కకు వేయండి. దగ్గరి వస్తువు, దూరపు వస్తువు కన్న ఎక్కువ జరుగుతుంది కనుక ఒక్క అడుగుతో స్తంభం తలను విడిచిపోతుంది.

దగ్గరికి నడవమన్నాము గాని, ముఖానికి మరీ దగ్గర కారాదు. చేతికి అందేంత దూరం నుండి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కు పోతాయి. ఐదారడుగుల దూరం ఉంచి, తరువాత కావలసినంత మేర కత్తిరించుకోవటం మేలు.

చట్రంలో చట్రం అనేది మరొక పద్ధతి. వాకిలి, కిటికీ, రెండు తాటిచెట్ల నడిమి ఖాళీ ఇందుకు పనికివస్తాయి. ఇక్కడ వాకిలి మన శత్రువు కాదు, మిత్రుడు. మీరు చీకటి గదిలోపల నిలవండి. వ్యక్తి గుమ్మం వెలుపల, వసారా నీడలో నిలిచి మీ వైపు కొంచెం పక్కగా తిరగాలి. తెరపై ముఖాన్ని తాకండి. గది గోడలు నల్లని చట్రమై చుట్టూ నిలుస్తాయి, ముఖం ఆరుబయటి వెలుగులో ఉంటుంది. మా దాదీమా చిత్రానికీ దీనికీ తేడా ఐదారడుగులే: ఆమె గుమ్మానికి లోపల, చీకటి వైపున ఉన్నారు.

ఈ వారపు అభ్యాసం: ఒకే వస్తువును, ఉదాహరణకు వజూ చేసే కూజాను, పది చిత్రాలు తీయండి. ప్రతి చిత్రంలోను ముందరి దానికంటె ఒక వస్తువు తగ్గాలి. వస్తువులను చేతితో తీసివేయరాదు, మీరే కదలాలి. ఆరేడు చిత్రాల తరువాత ఇక తగ్గించటానికి ఏమీ లేదనిపిస్తుంది. అక్కడ ఆగక నేలపై కూర్చొని చూడండి, ఎత్తుపీట ఎక్కి చూడండి. చివరి మూడు చిత్రాలు అక్కడ దొరుకుతాయి.

మూడవ వారం: మూడింట ఒక వంతు

ఫోను తెరపై గీతలను చూసి ఇది ఫోన్లతో పుట్టిన సూత్రమని కొందరు తలుస్తారు. కెమెరా పుట్టకముందే, 1797లో, లండనుకు చెందిన జాన్ థామస్ స్మిత్ అనే చిత్రకారుడు పల్లె దృశ్యాలపై వ్రాసిన గ్రంథంలో దీనికి ఈ పేరు పెట్టాడు. ఆకాశానికి, నేలకు చెరిసగం ఇవ్వక, ఒకదానికి ఒక వంతు, మరొకదానికి రెండు వంతులు ఇమ్మన్నాడు. చెరిసగం ఇచ్చిన చిత్రంలో దేనిని చూడాలో తెలియక చూపు తడబడుతుంది. ఒకదానికి ఎక్కువ ఇస్తే, ఇది చూడమని చెప్పినట్లవుతుంది. కనుక ఇది మనలను అడిగే ప్రశ్న: ఈ దృశ్యంలో చెప్పుకోదగినది ఆకాశమా, నేలా?

ఈ ప్రశ్న మన తీరప్రాంతంలో చాలా పెద్దది. గత నెల కొన్ని రోజులు బంధువుల ఇంట అడవులదీవిలో ఉన్నాము. పేరులో అడవులున్నా, సముద్రానికి దగ్గరగా మడ అడవులున్నా, ఊరి చుట్టూ వరిచేలు, రొయ్యల చెరువులు, కాలువలే. కొండ లేదు, గుట్ట లేదు. ఎటు చూసినా నేల, ఆకాశం కలిసే గీత ఒకటే. కొండ ప్రాంతాలవారికి ఆ గీతను కొండలు దాచిపెడతాయి. మనకు ప్రతి చిత్రంలోను అది కనబడుతుంది.

ఒక ఉదయం చెరువు గట్టుపై ఒక పెద్దాయన గుంజలకు కట్టిన వలను నిలబడి బాగుచేస్తున్నారు. ‘చాచా, ఒక ఫోటో తీసుకోవచ్చునా?’ అని అడిగి, సరేనన్న తరువాతనే ఫోను తీశాము. ఎవరి చిత్రమైనా, అందులోను స్త్రీల చిత్రం, వారి అనుమతి లేకుండా తీయరాదు. తీసినది వారిని అడగకుండా ఇతరులకు పంపరాదు.

మొదటి చిత్రం నిలబడి తీశాము. తెరపై చూస్తే దిగంతరేఖ చాచా గడ్డం కింద, సరిగ్గా మెడ మీదుగా కత్తిలా పోతున్నది. నాలుగడుగులు వెనక్కు వెళ్ళి తీశాము. అప్పుడూ మెడ మీదనే. దగ్గరకు వెళ్ళాము. అయినా మెడ మీదనే. దీనికి కారణం ఉన్నది. చదును నేలపై దిగంతరేఖ ప్రతి వస్తువును కెమెరా ఎంత ఎత్తున ఉన్నదో సరిగ్గా అంత ఎత్తున దాటుతుంది. ఫోనును ముఖం ముందు పట్టుకొని నిలబడితే అది నేల నుండి దాదాపు ఐదడుగుల ఎత్తున ఉంటుంది. నిలబడ్డ మనిషి మెడ కూడా దాదాపు ఆ ఎత్తే. అందుచేత దూరం ఎంత మార్చినా గీత మెడను వదలదు. మన తీరంలో తీసిన కుటుంబ చిత్రాలను ఒకసారి తిరగేసి చూడండి. సూర్యలంక సముద్రతీరాన తీసుకున్న వాటిలో తెగిన మెడలు ఎన్నో కనబడతాయి.

మారవలసినది దూరం కాదు, కెమెరా ఎత్తు. మోకాలిపై కూర్చొని ఫోనును మూడడుగుల ఎత్తున పట్టుకున్నాము. గీత చాచా నడుము దగ్గరకు దిగింది. తల, చేతులు, చేతులలోని వల అన్నీ ఆకాశం మీదికి వచ్చి ఒక్కొక్క పోగు విడివిడిగా కనబడింది. ఇందుకు మరొక మార్గం గట్టు పైకి ఎక్కటం. అప్పుడు గీత తలకు పైగా పోయి, మనిషి పూర్తిగా నేలపై నిలుస్తాడు. కాని ఆ నాడు నేలపై గడ్డి, తాళ్ళు, ఖాళీ మేత సంచులు ఉన్నాయి. వల వాటిలో కలిసిపోయేది. కాబట్టి కిందికి దిగటమే సరియైనది.

ఇప్పుడు రెండవ నిర్ణయం. కెమెరాను పైకి కిందికి వంచితే గీత తెరపై జరుగుతుంది గాని, మనిషిని ఎక్కడ దాటుతున్నదో అది మారదు. ఎత్తు ఒక పని, వంపు మరొక పని. ఈ రెంటిని కలిపి పొరబడరాదు. చెప్పుకోదగినది ఆకాశం మీది వల కాబట్టి ఫోనును కొంచెం పైకి వంచి, దిగంతరేఖను తెరపై కింది అడ్డగీతకు చేర్చాము. వెంటనే చాచా పాదాలు తెర కింది అంచుకు తగిలాయి. ఒక అడుగు వెనక్కు జరిగాము. పాదాల కింద కొద్దిగా నేల వచ్చింది. తల పై అడ్డగీతకు కొంచెం కిందుగా నిలిచింది.

మూడవది, మనిషిని ఏ నిలువుగీతపై ఉంచాలి? అప్పుడు సమయం ఉదయం ఎనిమిది. ఆగ్నేయం నుండి ఎండ వస్తున్నది. మేము నైరుతికి ముఖం పెట్టి ఉన్నాము కనుక ఎండ మా ఎడమనుండి పడుతున్నది. చాచా ఎడమవైపుకు, వల వైపుకు చూస్తున్నారు, ముఖంపై వెలుగున్నది. ఆయనను కుడి నిలువుగీతపై నిలిపి, ఎడమన రెండు వంతులు వలకు ఇచ్చాము. చూపు సాగేవైపు ఖాళీ ఉండాలి. ఎడమ గీతపై ఉంచి చూస్తే ఆయన చిత్రం బయట ఉన్న దేనినో చూస్తున్నట్లు, వల వదలి వెళ్ళిపోతున్నట్లు అనిపించింది. చివరగా తెరపై ముఖాన్ని తాకాము. ఆకాశం కొంత పాలిపోయింది. అది మేము ఎంచుకున్న నష్టం.

సూత్రాన్ని విడువవలసిన సందర్భం కూడా అదే గట్టుపై ఎదురైనది. ఏరేటర్లు ఆగి నీరు నిశ్చలంగా ఉన్నప్పుడు ఎదుటి గట్టు, తాటిచెట్లు చెరువులో తలకిందులుగా అచ్చుపడ్డాయి. అప్పుడు చెప్పుకోదగినది ఆ రెండు సగాల సమానత్వమే. గీతను సరిగ్గా నడుమ ఉంచటమే న్యాయం.

ఈ వారపు అభ్యాసం: ఆరుబయట నిలబడ్డ ఒక మనిషిని మూడు ఎత్తుల నుండి తీయండి: నిలబడి, మోకాలిపై కూర్చొని, మెట్టుపైనో గట్టుపైనో ఎక్కి. ప్రతి ఎత్తులోను రెండు చిత్రాలు: దిగంతరేఖ పై అడ్డగీతపై ఒకటి, కింది అడ్డగీతపై ఒకటి. మొత్తం ఆరు. గీత ఒరిగిపోకుండా తెరపై అడ్డగీతతో సరిచూసుకోండి. నీరు ఉన్న చిత్రంలో కొంచెం ఒరిగినా చెరువు ఒలికిపోతున్నట్లు ఉంటుంది.

నాలుగవ వారం: ఒకే చిత్రం

ఈ వారమంతటికీ ఒకే చిత్రం కావాలి. ఇంటిలో పెద్దవారు ఒకరిని ఎంచుకోండి. మొదటి రోజు కెమెరా లేకుండా, వారు నిత్యం కూర్చొనే చోట వెలుగు ఏ వేళ ఏ పక్కనుండి వస్తున్నదో గమనించండి. రెండవ రోజు చట్రంలో ఏమి తగ్గించాలో చూడండి. మూడవ రోజు తీయండి. వారిని ‘ఇటు చూడండి’ అని బిగుసుకొనేటట్లు చేయక, బియ్యం ఏరటమో తస్బీహ్ తిప్పటమో, వారి పనిలో వారిని ఉండనివ్వండి. పదిహేను, ఇరవై తీసి ఒకటి ఉంచి, మిగిలినవి పక్కన పెట్టండి.

ఆ ఒక్కదానిని కాగితంపై అచ్చు వేయించండి. ఇక్కడ ఒక మోసం ఉన్నది. ఫోను చిత్రం సాధారణంగా నాలుగుకు మూడు పాళ్ళలో ఉంటుంది. ఆరు అంగుళాలకు నాలుగు అంగుళాల కాగితం మూడుకు రెండు పాళ్ళలో ఉంటుంది. అడ్డంగా తీసిన చిత్రం కాగితం నిండా రావాలంటే దాని ఎత్తులో తొమ్మిదింట ఒక వంతు కోత పడుతుంది. తల పై అంచుకు ఆనించి తీస్తే దుపట్టా అంచో టోపీయో తెగిపోతుంది. కనుక తీసేటప్పుడే పైన, కింద కొంత విడిచిపెట్టండి. అచ్చు వెనుక పేరు, ఊరు, తేదీ పెన్సిలుతో వ్రాయండి. సిరా కాలక్రమంలో ఇవతలికి ఊరవచ్చు.

గత ఈద్ నాడు మా అమ్మీని అదే నడవలో, అదే మంచంపై కూర్చుండబెట్టాము. ఈసారి మంచాన్ని పెరటి తలుపుకు ఎదురుగా, కొంచెం పక్కకు తిప్పాము. తిప్పటానికి అర నిమిషం పట్టింది. చిత్రంలో పెరడు లేదు, జామచెట్టు లేదు. అమ్మీ కంటి కొసల ముడతలు ఒక్కొక్కటి లెక్కపెట్టవచ్చు. పక్కనే గోడకు దాదీమా చిత్రం ఉన్నది, దానిని తీసివేయలేదు.

వచ్చే నెల ఇదే పుటలో వానాకాలపు మబ్బు వెలుగులో రంగులు ఎట్లు మారతాయో చెప్పుకుందాము.